వీపు కండరాల పాఠానికి పుస్తకాల సంచి మేలా, తువ్వాలు మేలా?

ఫోనులో వ్యాయామ పాఠం చెప్పేటప్పుడు దండీలతో, బస్కీలతో పెద్ద చిక్కు లేదు. చాప పరిచేంత చోటు ఉంటే చాలు. చిక్కంతా లాగే కదలికతోనే. దండీ తీయడమంటే నేలను నెట్టడం. వీపు, భుజాల వెనుక కండరాలు బలపడాలంటే దేన్నయినా లాగాలి, వేలాడడానికి ఇంట్లో కమ్మీ ఉండదు. ప్రొద్దుటూరులో మా పిల్లలు చాలామంది ఒకటి, రెండు గదుల ఇళ్లలో ఉంటారు కనుక నాకు మిగిలినవి రెండే మార్గాలు.

మొదటిది తువ్వాలు. కాళ్లు చాపి కూర్చుని, అరికాళ్లకు తువ్వాలు చుట్టి, మోచేతులు వెనక్కి వెళ్లేలా లాగి ఐదారు సెకన్లు బిగించి ఉంచాలి. చప్పుడు ఉండదు, కింద పడేదీ ఉండదు. అయితే విద్యార్థి నిజంగా బలంగా లాగుతున్నాడో, ఊరికే పట్టుకుని కూర్చున్నాడో ఫోను తెరపై తెలియదు. పైగా కదలకుండా బిగించే వ్యాయామంలో బలం ఎక్కువగా ఆ కోణం దగ్గరే పెరుగుతుంది కాబట్టి, తువ్వాలు పొడవు మార్చి మరో కోణంలోనూ చేయించాలి. పిల్లలు ఊపిరి బిగబట్టడం ఇందులో మరో దోషం. అందుకే అంకెలు వాళ్లచేతనే పైకి లెక్కపెట్టిస్తాను. గొంతు ఆగిందంటే ఊపిరీ ఆగినట్టే. (నేను లెక్కపెడితే నెట్ ఆలస్యం వల్ల నా 'నాలుగు' వాళ్లకు ఆరు దగ్గర వినిపిస్తుంది.)

రెండోది పుస్తకాల సంచి. తుంటి దగ్గర ముందుకు వంగి, వీపు గూనిలా వంగకుండా తిన్నగా ఉంచి, సంచిని పొట్ట వైపు రెండు సెకన్లలో లాగి మూడు సెకన్లలో దించాలి. ఇందులో శ్రమ కంటికి కనబడుతుంది, బరువూ పెంచవచ్చు: ఒక లీటరు నీళ్ల సీసా లోపల పెడితే దాదాపు ఒక కిలో కలిసినట్టు.

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు సుమారు మూడు కిలోల సంచితో మొదలుపెట్టాడు. ఎనిమిది వరకు చక్కగా లాగాడు, తొమ్మిదోసారికి భుజం చెవి దాకా లేచింది, నడుము గూనిలా వంగింది. ఫోను ఎదురుగా ఉండి ఉంటే ఆ వంపు నాకు కనబడేదే కాదు. గడప దగ్గర బిందెకు ఆనించి పక్కనుంచి చూపించడం వల్లే దొరికింది. బరువు తగ్గించలేదు, ఎడమ చేయి మంచం పట్టెపై ఆనించి కుడి చేత్తో మాత్రమే లాగమన్నాను. నడుముపై భారం తగ్గి పన్నెండు వరకు సరిగ్గా వచ్చింది, తరువాత చేయి మార్చాడు. పదిహేను తేలిగ్గా వచ్చిన రోజున సీసా చేర్చాము.

కాబట్టి వీడియో కనబడే పిల్లలకు నా ఓటు సంచికే. మాట మాత్రమే వినబడే ఫోను ఉన్నవారికి, సంచి జిప్పు పోయినవారికి తువ్వాలు ఇస్తాను. వీపును కంటితో దిద్దే వీలు లేనిచోట బరువు పెంచమని చెప్పను. తువ్వాలును తలుపు గడియకు కట్టి లాగడం మాత్రం ఎవరికీ చెప్పను, గడియ ఊడితే వెనక్కి పడేది నాపరాళ్ల నేల మీదే.