గ.సా.భా. ప్రోగ్రాం: లూప్ మేలా, రికర్షన్ మేలా?

పోయిన ఎండాకాలం కడపలో మా బావ కొత్తింటి హాల్లో నాపరాళ్లు పరుస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. హాలు 21 అడుగుల పొడవు, 16న్నర అడుగుల వెడల్పు. మేస్త్రి టేపు చుట్టేసి, "సార్, మీరు లెక్కలు చెప్తారు కదా. ముక్క కొట్టే పని లేకుండా సరిపోవాలంటే నలుచదరం బండ ఎంత సైజుది తెప్పించమంటారు? పెద్దదైతే మేలు" అన్నాడు.

అంగుళాల్లో చూస్తే 252, 198. ఈ రెండింటి గ.సా.భా. ఎంతో అదే బండ సైజు. సుద్దముక్క తీసుకుని నేల మీదే గీసి చూపించాను. హాల్లో 198 అంగుళాల చదరం ఒకటి పడుతుంది, 54 అంగుళాల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీలో 54 చదరాలు మూడు పడతాయి, 36 మిగులుతుంది. అందులో 36 చదరం ఒకటి పడితే మిగిలేది 18. ఆ చివరి ముక్కలో 18 చదరాలు సరిగ్గా రెండు పడతాయి, ఇక మిగిలేదేమీ లేదు. అంటే బండ సైజు 18 అంగుళాలు, ఒకటిన్నర అడుగు. పొడవున 14, వెడల్పున 11, మొత్తం 154 బండలు. మేస్త్రి నవ్వి, "సందుకు పావు అంగుళం వదలాల కదా సార్" అన్నాడు. నిజమే. పొడవున 13 సందులకే మూడుంపావు అంగుళాలు పోతాయి. చివరి వరస కోయక తప్పలేదు. లెక్క మాత్రం సరైనదే.

సుద్దతో గీసిన ఆ పనినే ల్యాబ్‌లో పిల్లలు రెండు రకాలుగా రాస్తారు. ఒకటి లూప్:

```c
int gcd(int a, int b) {
    while (b != 0) {
        int r = a % b;
        a = b;
        b = r;
    }
    return a;
}
```

రెండోది రికర్షన్:

```c
int gcd(int a, int b) {
    if (b == 0) return a;
    return gcd(b, a % b);
}
```

రెండూ చేసే భాగహారాలు అవే, అదే వరసలో. 252, 198లకు రెండింటిలోనూ వచ్చే శేషాలు 54, 36, 18, 0. చిన్న సంఖ్యను ముందు ఇచ్చినా ఇబ్బంది లేదు. 198ని 252తో భాగిస్తే శేషం 198 కాబట్టి మొదటి అడుగులోనే రెండూ చోట్లు మార్చుకుంటాయి. "a పెద్దదా, b పెద్దదా" అని ముందు ఒక `if` పెట్టడం దండగ.

అయితే పిల్లలు తప్పు చేసే చోటు ఒక్కో దాంట్లో ఒక్కోటి. లూప్‌లో ఎక్కువమంది `r`ని ఎగరగొట్టేస్తారు. నేరుగా `a = b; b = a % b;` అని రాస్తారు. మొదటి వాక్యంతోనే a కూడా 198 అయిపోయింది. 198ని 198తో భాగిస్తే శేషం సున్నా. లూప్ ఒక్క చుట్టులో ఆగిపోయి 198 అని జవాబిస్తుంది. ఏ జత ఇచ్చినా రెండో సంఖ్యే జవాబుగా వస్తోందంటే తప్పు ఇదే. రికర్షన్‌లో ఈ ఇబ్బంది రాదు. b, a % b రెండూ పాత విలువలతోనే లెక్కయ్యాక తర్వాతి పిలుపు మొదలవుతుంది.

రికర్షన్‌లో మరిచిపోయేది రెండో `return`. పైథాన్‌లో అయితే `None` వచ్చి వెంటనే దొరికిపోతుంది. సిలో మాత్రం మహా అయితే ఒక వార్నింగ్‌తో సరిపెడుతుంది, అప్పుడప్పుడు సరైన జవాబే వచ్చి మోసం చేస్తుంది. అందుకని ఆ వార్నింగ్‌ను చూసీచూడనట్టు వదిలేయొద్దని మా పిల్లలకు చెప్తుంటాను.

ఇక "రికర్షన్ అయితే స్టాక్ నిండిపోతుంది కదా సార్" అనే ప్రశ్న ఏటా వస్తుంది. ఈ లెక్కకు సిలో ఆ టెన్షన్ అక్కర్లేదు. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలుంటే దానికి ఐదు రెట్లు మించి భాగహారాలు పడవని ఫ్రెంచి గణితజ్ఞుడు లామే 1844లోనే నిరూపించాడు. అన్నిటికన్నా ఎక్కువ అడుగులు పట్టేది పక్కపక్కనున్న ఫిబొనాచి సంఖ్యల జతకు. 32 బిట్ల `int`లో పట్టే అలాంటి అతిపెద్ద జతకు కూడా పిలుపులు 50 దాటవు.

పైథాన్ సంగతి వేరు. అక్కడ సంఖ్య ఎంత పొడవైనా ఉండొచ్చు, పిలుపుల లోతుకు మాత్రం మామూలుగా 1000 హద్దు. ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో వాడే 2048 బిట్ల సంఖ్య అంటే 617 అంకెలు. సగటున అంకెకు రెండుకు కాస్త తక్కువ భాగహారాలు, మొత్తం 1200 దగ్గర పడతాయి. రికర్షన్ సగం దారిలో `RecursionError` అని చేతులెత్తేస్తుంది. లూప్ నిశ్చింతగా జవాబిస్తుంది. నిజమైన తేడా కనిపించేది ఇక్కడే.

క.సా.గు. దగ్గరికొస్తే లూప్‌కు ఇంకో గండం ఉంది. రెండు సంఖ్యల లబ్ధాన్ని గ.సా.భా.తో భాగిస్తే క.సా.గు. వస్తుందని పదో తరగతి పిల్లలకూ తెలుసు. అది తెలిసినవాళ్లే లూప్‌ను `main`లో రాసేసి, దాని కిందే `a * b / a` అని లెక్క కడతారు. లూప్ అయ్యేసరికి a 18, b సున్నా. క.సా.గు. సున్నా అని వస్తుంది. 252, 198 అప్పటికే చెరిగిపోయాయి. రికర్షన్‌ను వేరే ఫంక్షన్‌గా రాయక తప్పదు కాబట్టి అసలు సంఖ్యలు `main`లో భద్రంగా ఉంటాయి. లూప్‌నూ అలాగే ఫంక్షన్‌లో పెడితే ఈ గండం తప్పుతుంది.

ఒకసారి ల్యాబ్‌లో ఒక అమ్మాయి, "సార్, గ.సా.భా. 18 కరెక్టుగా వచ్చింది, క.సా.గు. మైనస్ 868 అంటోంది" అని పిలిచింది. ఆమె వాడుతున్నది టర్బో సి. అందులో `int` 16 బిట్లే, 32767 వరకే పడుతుంది. 252 × 198 అంటే 49896. అది పట్టక చుట్టు తిరిగి -15640 అయ్యింది, దాన్ని 18తో భాగిస్తే -868. ముందు భాగించి తర్వాత గుణిస్తే చాలు:

```c
int lcm(int a, int b) {
    if (a == 0 || b == 0) return 0;
    return a / gcd(a, b) * b;
}
```

14 × 198 = 2772. ఆ అమ్మాయి ప్రోగ్రాంలో మారింది ఒక్క వరసే. మైనస్ వచ్చింది కాబట్టి తప్పని తెలిసింది, ప్రతిసారీ అలా తెలియదు. 32 బిట్లలో 90000, 60000 ఇచ్చి ముందు గుణిస్తే సాధారణంగా 36834 వస్తుంది, చూడటానికి బాగానే ఉంటుంది. కానీ క.సా.గు. ఆ రెండింటిలో పెద్దదానికన్నా తక్కువ కాకూడదు. సరైన జవాబు 180000.

మరి ఏది మేలు? బోర్డు మీద నేను రికర్షనే రాస్తాను. సుద్దతో గీసిన చదరాలకు అది అచ్చంగా సరిపోతుంది. ప్రోగ్రాంలో పెట్టేటప్పుడు మాత్రం లూప్‌నే విడి ఫంక్షన్‌గా రాస్తాను, పైథాన్‌లో అయితే రెండో ఆలోచనే లేదు. ఏ `gcd` పెట్టినా `lcm`లో అక్షరం మారదు. మూడు సంఖ్యలకు కావాలంటే `lcm(lcm(a, b), c)` అని జత తర్వాత జత తీసుకోవాలి. మూడింటినీ గుణించి గ.సా.భా.తో భాగిస్తే 4, 6, 10లకు 120 వస్తుంది. జత జతగా పోతే ముందు 12, ఆపైన 60.