స్లైడ్‌కి స్థాయి కట్టడం: క్రియాపదం చూసి కట్టాలా, విద్యార్థి చేసే పని చూసి కట్టాలా?

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎన్‌బీఏ గుర్తింపు కోసం ఫైలు సర్దిన లెక్చరర్లకి, ఆలోచనను మెట్లుగా విడగొట్టే బ్లూమ్ స్థాయిల పట్టిక కంఠతా వచ్చే ఉంటుంది. 1956లో వచ్చిన వర్గీకరణను 2001లో సవరించాక ఆరు మెట్లు ఇలా స్థిరపడ్డాయి: జ్ఞాపకం, అవగాహన, అన్వయం, విశ్లేషణ, మూల్యాంకనం, సృజన. కోర్సు మొత్తానికి ఈ పట్టిక నింపడం అందరూ చేస్తున్నదే. ఒక్క క్లాసు స్లైడ్లు అభ్యసన ఫలితాలను, అంటే విద్యార్థికి చేతనవ్వాల్సిన పనులను, నిజంగా మోస్తున్నాయా అని చూడటం మాత్రం అరుదు. చూసేవాళ్లు కూడా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. అభ్యసన ఫలితంలోనో స్లైడ్ శీర్షికలోనో ఉన్న క్రియాపదాన్ని, స్థాయివారీగా క్రియాపదాలు ఉండే పట్టికలో వెతికి స్థాయి వేయడం ఒకటి. ఆ స్లైడ్ తెర మీద ఉన్నంతసేపు విద్యార్థి ఏం చేస్తున్నాడో రాసుకుని, ఆ పనికి స్థాయి వేయడం రెండోది.

ఒకే క్లాసును రెండు పద్ధతుల్లోనూ కొలిస్తే తేడా తెలుస్తుంది. డీబీఎంఎస్‌లో నార్మలైజేషన్ పాఠం, అంటే ఒకే సమాచారం పదేపదే రాకుండా డేటాబేస్ పట్టికలను విడగొట్టే పాఠం తీసుకుందాం. 50 నిమిషాలు, 20 స్లైడ్లు, మూడు ఫలితాలు. మొదటిది, ఫంక్షనల్ డిపెండెన్సీని, అంటే ఒక గడి విలువ తెలిస్తే మరో గడి విలువ తేలిపోవడాన్ని, సొంత ఉదాహరణతో వివరించగలగాలి: రెండో స్థాయి. రెండోది, డిపెండెన్సీలు ఇచ్చిన రిలేషన్‌ను, అంటే పట్టికను, థర్డ్ నార్మల్ ఫామ్‌కి విడగొట్టగలగాలి: మూడో స్థాయి. మూడోది, ఒక షీమాలో, అంటే పట్టిక నిర్మాణంలో, ఏ నార్మల్ ఫామ్ ఎక్కడ, ఎందుకు దెబ్బతిన్నదో విశ్లేషించగలగాలి: నాలుగో స్థాయి. క్లాసులో నడిచే ఉదాహరణ ఇది:

```
ENROLL(RollNo, CourseId, StudentName, CourseName,
       FacultyId, FacultyPhone, Marks)
RollNo -> StudentName
CourseId -> CourseName, FacultyId
FacultyId -> FacultyPhone
RollNo, CourseId -> Marks
```

క్రియాపదాల పద్ధతిలో ఈ పని పావుగంటలో అయిపోతుంది. టైటిల్, ఎజెండా స్లైడ్లను వదిలేస్తే మొదటి ఫలితానికి ఆరు, రెండోదానికి తొమ్మిది, మూడోదానికి మూడు స్లైడ్లు వస్తాయి. మూడో ఫలితానికి వచ్చిన ఆ మూడింటి శీర్షికల్లో ‘విశ్లేషించండి’, ‘పోల్చండి’ అని ఉంది కాబట్టి నాలుగో స్థాయి పడుతుంది. పట్టికలో ఖాళీ గడి ఉండదు, సంతకం పెట్టేయొచ్చు.

అవే మూడు స్లైడ్లను పని అడిగి చూడండి. 17వ స్లైడ్‌లో ‘ఈ షీమాను విశ్లేషించండి’ అనే శీర్షిక కిందే, కీలో ఒక భాగం మీదే ఆధారపడే పార్షియల్ డిపెండెన్సీ ఎర్ర రంగులో గుర్తుపెట్టి ఉంది. విద్యార్థి చేసేది చదవడం, తల ఊపడం. అంటే రెండో స్థాయి. 18వది మూడు నార్మల్ ఫామ్‌లను పోల్చే పట్టిక. పోల్చింది లెక్చరర్, విద్యార్థి దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటాడు. అది ఒకటో స్థాయి. 19వది మళ్లీ ENROLL జవాబే, ఈసారి బాణాలతో. అదీ రెండో స్థాయే. మూడో ఫలితాన్ని నాలుగో స్థాయిలో మోసే స్లైడ్ ఒక్కటీ లేదన్నమాట. మొదటి పద్ధతికి ఇది ఎప్పటికీ కనబడదు, ఎందుకంటే అది మాటను కొలుస్తుంది. పైగా చలామణిలో ఉన్న జాబితాల్లో ‘గుర్తించు’, ‘వివరించు’ లాంటివి ఒకటికి మించిన స్థాయిల్లో ఉంటాయి. నిర్వచనాన్ని గుర్తించడం, షీమాలో లోపాన్ని గుర్తించడం ఒకే మాట, కానీ వేర్వేరు పనులు.

రెండో పద్ధతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్‌లో ఐదు నిలువు వరుసలు చాలు: స్లైడ్ నంబరు, ఫలితం, విద్యార్థి చేసే పని, స్థాయి, నిమిషాలు. ఒక్కో స్లైడ్‌కి ఒక్కటే ప్రధాన ఫలితం రాయాలి. ‘ఇది మూడింటికీ పనికొస్తుంది’ అని రాయడం మొదలుపెడితే ప్రతి ఫలితానికీ కావలసినన్ని స్లైడ్లు కనబడి, తనిఖీకి అర్థం పోతుంది. పని గడిలో ‘నేర్చుకుంటాడు’, ‘అర్థం చేసుకుంటాడు’ అని రాయకూడదు. చదువుతాడు, లెక్క వేస్తాడు, పక్కవాడికి కారణం చెబుతాడు, ఇలా కంటికి కనిపించే పనే రాయాలి. ఫలితం గడిలో మూడో ఫలితాన్ని LO3 అనీ, స్థాయిని అంకెగానూ రాస్తే, ఆ తర్వాత రెండు ఫార్ములాలు చాలు:

```
=COUNTIFS(B:B,"LO3",D:D,">=4")
=SUMIFS(E:E,B:B,"LO3")
```

మొదటిది సున్నా చూపిస్తే ఆ ఫలితం కాగితం మీదే ఉందని అర్థం. మన పాఠంలో సున్నాయే వచ్చింది. రెండోది ఆరు నిమిషాలు చూపించింది. అలాగని ప్రతి స్లైడూ ఫలితం స్థాయికి ఎగబాకాలని కాదు. కింది మెట్ల స్లైడ్లు లేకుండా విశ్లేషణ అడిగితే క్లాసు బిగుసుకుపోతుంది. ఫలితం స్థాయిలో కనీసం ఒక్క స్లైడ్ ఉండాలి, దానికి ముందు దిగువ స్థాయివి ఉండాలి. చూడాల్సింది అంతే.

సరిదిద్దేటప్పుడే అసలు చిక్కు వస్తుంది. చాలామంది జవాబు చెరిపేసి, డిపెండెన్సీలు ఇచ్చి, ‘ఇప్పుడు చెప్పండి’ అంటారు. అది విశ్లేషణ కాదు, అన్వయం. డిపెండెన్సీలు చేతికిస్తే మిగిలేది తెలిసిన పద్ధతిని నడపడమే. నాలుగో స్థాయి కావాలంటే ఆ డిపెండెన్సీలను విద్యార్థే తవ్వి తీయాలి. అందుకు లైబ్రరీ షీమా ఒకటి, నియమాలను మామూలు మాటల్లో చెప్పి ఇవ్వొచ్చు:

```
ISSUE(AccNo, IssueDate, BookTitle, MemberId, MemberName)
```

ఒక యాక్సెషన్ నంబరు ఒకే పుస్తకం కాపీది. ఒక కాపీని ఒక రోజులో ఒక్కరికే ఇస్తారు. ఒక సభ్యుడికి ఒకే పేరు. ఈ మూడు వాక్యాల నుంచి కీ AccNo, IssueDate కలిసి అని తేలాలి. పుస్తకం పేరు AccNo ఒక్కదాని మీదే ఆధారపడుతుంది కాబట్టి సెకండ్ నార్మల్ ఫామ్ దగ్గరే తప్పుతుంది. సభ్యుడి పేరు MemberId మీదుగా వస్తుంది, అది థర్డ్ నార్మల్ ఫామ్‌కి అడ్డం. ఆరు నిమిషాలు ఇద్దరిద్దరుగా చేయించి, నాలుగు నిమిషాలు కారణాలు చెప్పించాలి. జవాబు వేరే స్లైడ్‌లో ఉండాలి, ముందే పంచే పీడీఎఫ్‌లోంచి ఆ స్లైడ్‌ను తీసేయాలి. అదే స్లైడ్‌లో యానిమేషన్ వెనక దాచితే, ముందే పంచిన పీడీఎఫ్‌లో బయటపడిపోతుంది. 17, 19 స్లైడ్లు తీసేస్తే నాలుగు నిమిషాలు మిగులుతాయి. మిగతా ఆరు నిమిషాలకి రెండో ఫలితంలో ఒకే ఉదాహరణను తిరగరాసిన స్లైడ్లు రెండు మూడు ఎలాగూ దొరుకుతాయి.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. 20 స్లైడ్లకి గంట దాకా పడుతుంది. లెక్చరర్ నోటితో అడిగే ప్రశ్న స్లైడ్‌లో ఉండదు కాబట్టి, పాఠం చెప్పేవాళ్లు పక్కన లేకుండా ఇంకొకరు స్థాయి వేస్తే తక్కువ పడుతుంది. అలాంటి ప్రశ్నలను స్లైడ్ కింద నోట్స్ భాగంలో రాసి ఉంచితే ఈ తేడా తగ్గుతుంది. అన్వయమా విశ్లేషణా అన్న చోట ఇద్దరు మంచి అధ్యాపకులు కూడా విభేదిస్తారు. అప్పుడు విద్యార్థికి ఇచ్చిందేమిటి, ఇవ్వకుండా వదిలిందేమిటి అని రాసుకుంటే సాధారణంగా తేలిపోతుంది.

కాబట్టి ఫలితాల వాక్యాలు రాసేటప్పుడు క్రియాపదాల పట్టిక వాడండి. ‘తెలుసుకుంటారు’ లాంటి కొలవలేని మాటలను అది వెంటనే పట్టిస్తుంది. స్లైడ్ల దగ్గరికి వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి, పని గడి నింపండి. మిడ్ పరీక్షలో మూడో ఫలితానికి ఇదే ISSUE షీమాను మాత్రం ఇవ్వకండి. క్లాసులో విప్పేసిన ముడిని మళ్లీ అడిగితే, ప్రశ్నలో ‘విశ్లేషించండి’ అని ఉన్నా విద్యార్థి చేసేది గుర్తుతెచ్చుకోవడమే. ఆస్పత్రి అపాయింట్‌మెంట్లదో బస్ రిజర్వేషన్లదో కొత్త షీమా, మళ్లీ మామూలు మాటల్లోనే ఇవ్వండి.