తిరుపతిలో 360 డిగ్రీల ఫొటోకు ముఖాలు మార్పించేవారు ఇది చదివి డబ్బు కట్టండి

మా నాన్నగారి షష్టిపూర్తికి తిరుచానూరులో 360 డిగ్రీల కెమెరాతో ఒక ఫొటో తీయించాము. అందరూ బాగానే పడ్డారు, అమ్మమ్మ మాత్రం సరిగ్గా ఆ క్షణంలో కళ్లు మూసుకుంది. అదే రోజు ఫోనులో తీసిన ఆమె ఫొటోలోని ముఖాన్ని ఇందులో పెట్టమని తిరుపతిలోని ఒక స్టూడియోకు ఇచ్చాము. 1500 రూపాయలు ముందే తీసుకున్నారు.

వాళ్లు కంప్యూటర్‌లో చూపించినప్పుడు ముఖం చక్కగానే ఉంది. ఇంటికొచ్చి ఫోనులో ఫొటోను తిప్పి చూస్తే అమ్మమ్మ ముఖం తలుపుసందులో ఇరుక్కున్నట్టు సన్నగా కనిపించింది!

ఎక్కడ పొరపాటు జరిగిందో తర్వాత తెలిసింది. ఇలాంటి ఫొటోలో కెమెరా చుట్టూ ఉన్న గోళంలాంటి దృశ్యాన్ని పరిచి, ఎత్తుకు రెట్టింపు వెడల్పున్న చిత్రంగా దాచుతారు. అందులో నడిమి గీతకు పైకి, కిందికి వెళ్లేకొద్దీ బొమ్మ అడ్డంగా సాగుతుంది. కెమెరా మనిషెత్తు స్టాండు మీద ఉంది, అమ్మమ్మ దాని పక్కనే జంపఖానా మీద కూర్చుంది. అంటే ఆమె కెమెరాకు దాదాపు 60 డిగ్రీలు కిందుగా ఉంది. అక్కడ సాగుడు సరిగ్గా రెండింతలు. 140 పిక్సెళ్ల వెడల్పు ఉండాల్సిన ముఖం పరిచిన చిత్రంలో 280 ఉంటుంది. స్టూడియో వాళ్లకు అది వికారంగా తోచి, మామూలు ముఖాన్ని 140 వెడల్పుతోనే అతికించారు. ఫోను దాన్ని మళ్లీ గోళంగా చుట్టేసరికి 70కి కుదించుకుపోయింది.

సరైన పద్ధతి వేరు. ముందు ఆ ముఖం నడుమ ఉండేలా ఒక చిన్న మామూలు దృశ్యాన్ని ఫొటోలోంచి విడదీయాలి. అందులో సాగుడు ఉండదు కాబట్టి ముఖం అక్కడ మార్చి, మళ్లీ అదే కోణంలో గోళంలోకి చేర్చాలి. హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ ఇది సాధ్యం. మా పిన్ని కొడుకు ఒక సాయంత్రం కూర్చుని చేశాడు. స్టూడియో అతను మాత్రం "పరిచిన ఫొటోలో బాగానే ఉంది కదండీ" అంటూ డబ్బు తిరిగివ్వలేదు.

అందుకే పని ఇచ్చేముందు ఎలా చేస్తారో అడగండి. తీసుకునేముందు మీ ఫోనులోనే ఫొటోను ఆ ముఖం దగ్గరకు తిప్పి చూడండి. పరిచిన చిత్రాన్నో ప్రింటునో చూసి ఒప్పుకోవద్దు.

పిన్ని కొడుకు కూడా బాగుచేయలేనిది ఒకటి మిగిలింది. ఆ కెమెరాకున్న రెండు లెన్సుల చిత్రాలు కలిసే అతుకు అమ్మమ్మ భుజం మీదుగా పోయింది. మనిషి మీటరు దూరంలోనే ఉంటే ఒక్కో లెన్సు ఆమెను ఒక్కో చోటు నుంచి చూస్తుంది, అతుకు దగ్గర గీతలు కలవవు. ముఖం మారినా చీర అంచు మాత్రం అక్కడ తెగి, పక్కకు జరిగినట్టే ఉంది.