పాత జీతం ముందు చెప్పాలా, కొత్త జీతం పరిధి ముందు అడగాలా?

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు హెచ్‌ఆర్ వాళ్లు తరచూ మొదట అడిగేది ఇదే: "ఇప్పుడు మీ సీటీసీ ఎంత?" ఎంత అడగాలో మనకే తేలనప్పుడు రెండు దారులున్నాయి.

ఒకటి, అంకె వెంటనే చెప్పేయడం. మాటలు త్వరగా సాగుతాయి కానీ బేరమంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. మీది 8 లక్షలనుకోండి. 30 శాతం పెంచితే 10.4 లక్షలు. ఆ ఉద్యోగానికి కంపెనీ 12 నుంచి 15 లక్షలు అనుకుని ఉంటే, మీరు దాని కనీస మొత్తానికి కూడా చేరలేదు. ఆ సంగతి మీకు తెలిసే అవకాశమూ తక్కువే.

రెండోది, "ఈ ఉద్యోగానికి మీరు అనుకున్న పరిధి చెప్పండి, నాకు సరిపోతుందో లేదో చెబుతాను" అనడం. నేను దీని వైపే. అయితే ఫారంలో ప్రస్తుత జీతం గడి తప్పనిసరి అని కొందరు పట్టుబడతారు. అప్పుడు పెంచి చెప్పకండి. చేరే ముందు వాళ్లు పే స్లిప్పులు, ఫారం 16 అడగవచ్చు. స్థిర జీతం, వేరియబుల్ పే విడిగా చెప్పి, వెంటనే "ఈ బాధ్యతలకు 13 లక్షలు ఆశిస్తున్నాను" అనండి. ఆ 13 ఊహగా ఉండకూడదు: అదే పని చేస్తున్న ఇద్దరు ముగ్గురిని ముందే అడిగి తెలుసుకోవాలి.

మీ ప్రస్తుత జీతం ఇప్పటికే మీరు అడిగినవాళ్లందరి జీతం కంటే ఎక్కువైతే మాత్రం మొదటి దారే మేలు.