చలిగాలికి లేగదూడ: మందపు గడ్డి పరుపా, గోనె కోటా?

మూడు వారాల లోపు దూడకు వాతావరణం 15 డిగ్రీల కంటే తగ్గితేనే ఒంటి వేడి నిలుపుకోవడం కష్టమవుతుంది. రెండింటిలో ఒకటే కుదిరితే నేను పరుపునే ఎంచుకుంటాను.

పడుకున్న దూడకు వేడి ఎక్కువగా పోయేది చల్లని, తడి నేలలోకి. ఎండుగడ్డి మందంగా పరిస్తే దూడ అందులో గూడు చేసుకుంటుంది. పడుకున్నప్పుడు కాళ్లు పూర్తిగా కనిపిస్తుంటే గడ్డి చాలలేదని అర్థం. మోకాళ్ల మీద కూర్చుని చూడండి, బట్ట తడిస్తే పైన పొడి గడ్డి వేయాలి. మేకపిల్లలకూ ఇదే పద్ధతి.

గోనె కోటు వీపును, పక్కలను కాపాడుతుంది. పుట్టిన దూడకు, నీరసంగా ఉన్నదానికి చాలా మేలు. కానీ తడిసిన గోనె ఒంటి వేడిని లాగేస్తుంది, అది లేకపోవడమే నయం. ముందు దూడను ఆరబెట్టి, తర్వాతే కట్టండి. ఎండెక్కాక విప్పేయండి.

పరుపున్నా గాలి నేరుగా కొడితే లాభం లేదు. దూడ ఎత్తు వరకు పట్టాలు కట్టి, పైన ఖాళీ వదలండి. అంతా మూసేస్తే మూత్రం ఘాటు నిలిచి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

కోడిపిల్లలకు ఈ రెండూ చాలవు. మొదటి వారం బ్రూడర్ కింద 32-35 డిగ్రీల వేడి ఉండాల్సిందే.