ప్రోగ్రెసివ్ లెన్సులు కొన్నేళ్ళు వాడాక నా రివ్యూ: కళ్ళు తిరగడం ఎందుకొస్తుంది, ఎప్పటికి పోతుంది

చత్వారం వచ్చిన దగ్గర్నుంచి ప్రోగ్రెసివ్‌లే వాడుతున్నా, ఇప్పటికి రెండు జతలు అయ్యాయి. ఇప్పుడు తీసేయమన్నా తీయను. కానీ మొదట్లో మాత్రం చుక్కలు కనిపించాయి, తల కాస్త గబుక్కున తిప్పితే గోడలు వంగడం, కిందకి చూస్తే నేల నీళ్ళ మీద తేలుతున్నట్టు ఊగడం, సాయంత్రానికి తలబరువు. కొత్తగా తీసుకున్నవాళ్ళు "నాకు పడలేదు" అని వారంలోనే డ్రాయర్లో పడేస్తుంటారు, కొందరి విషయంలో అది తొందరపాటు, ఇంకొందరి విషయంలో నిజంగానే కళ్ళజోడులో తేడా ఉంటుంది. ఆ రెంటికీ తేడా ఎలా తెలుస్తుందో చెప్దామనే ఇది రాస్తున్నా.

ముందు ఊగడం ఎందుకో చూద్దాం. లెన్సు పైభాగంలో దూరం పవర్, అడుగున చదివే పవర్, మధ్యలో ఒక సన్నటి దారిలో పవర్ మెల్లగా పెరుగుతూ వస్తుంది, దాన్నే కారిడార్ అంటారు. బైఫోకల్‌లో లాగా గీత ఉండదు కదా, కానీ ఆ గీత లేకపోవడానికి మనం కట్టే రేటు పక్కల్లో ఉంది. కిందకి పవర్ ఎంత వేగంగా మారితే కారిడార్‌కి అటూ ఇటూ అక్కర్లేని సిలిండర్ పవర్, అంటే బొమ్మని ఒక దిశలో సాగదీసి మసకబరిచే పవర్, దానికి రెండింతల వేగంతో పెరుగుతుంది. మింక్విట్జ్ అనే ఆయన 1960లలో లెక్కకట్టి చూపించింది ఇదే, ఏ కంపెనీ అయినా ఈ మసకని అటూ ఇటూ సర్దగలదు గానీ పూర్తిగా తీసేయలేదు.

ఒక లెక్క వేసి చూడండి. యాడ్, అంటే చదవడానికి దూరం పవర్ మీద అదనంగా కలిపే పవర్, +2.00, కారిడార్ 14 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే కిందకి మిల్లీమీటరుకి సుమారు 0.14 పవర్ పెరుగుతుంది, పక్కకి మిల్లీమీటరుకి 0.28 సిలిండర్ వస్తుంది. నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగేసరికి ఒకటి దాటిపోయింది, ఇక అక్కడ అక్షరాలు తేటగా ఉండవు. కన్ను తిరిగే కేంద్రం లెన్సుకి దాదాపు 27 మిల్లీమీటర్ల వెనక ఉంటుంది కాబట్టి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న స్క్రీన్ మీద ఆ నాలుగు మిల్లీమీటర్లు తొమ్మిది సెంటీమీటర్లు అవుతాయి, రెండు వైపులా కలిపి ఓ జానెడు మేర మాత్రమే శుభ్రంగా కనిపిస్తుందన్నమాట. ఇది ఉజ్జాయింపే, డిజైన్‌ని బట్టి మారుతుంది, కానీ కంప్యూటర్ దగ్గర కళ్ళు కాకుండా తలే తిప్పాల్సి రావడానికి కారణం ఇదే. యాడ్ +1.00 అయితే ఈ మసక సగమే, అందుకే చత్వారం మొదట్లోనే మొదలుపెట్టినవాళ్ళకి పెద్దగా ఇబ్బంది ఉండదు, +2.50 దాకా ఆగి ఒకేసారి పెట్టుకున్నవాళ్ళకి గట్టిగా తగులుతుంది.

సరే మసక అర్థమైంది, మరి తల ఎందుకు తిరగాలి? మనం తల కుడికి తిప్పితే కళ్ళు అదే వేగంతో ఎడమకి తిరుగుతాయి, లోపలి చెవిలోని బ్యాలెన్స్ భాగం ఇచ్చే కబురుతో ఇది దానంతటదే జరిగిపోతుంది, అందుకే నడుస్తున్నా ప్రపంచం నిలకడగా కనిపిస్తుంది. ప్లస్ పవర్ లెన్సు బొమ్మని కొద్ది శాతం పెద్దది చేస్తుంది కాబట్టి కళ్ళు ఆ మేరకి ఎక్కువ తిరగాలి. మామూలు కళ్ళజోడులో ఈ తేడా లెన్సంతా దాదాపు ఒకేలా ఉంటుంది, మెదడు ఒక్కసారి సర్దుకుంటే చాలు. ప్రోగ్రెసివ్‌లో పైన ఒకలా, కింద ఒకలా, పక్కల్లో ఇంకోలా ఉంటుంది, తల తిప్పుతుండగానే బొమ్మ సాగి ముడుచుకుంటుంది, చెవి చెప్పేదానికీ కన్ను చూసేదానికీ పొంతన కుదరదు. ఆ తేడానే మనకి తూలుగా, కొందరికి వాంతి వచ్చేట్టుగా తెలుస్తుంది.

మెట్ల దగ్గర భయం వేరే సంగతి. కిందకి చూస్తే చదివే భాగంలోంచి చూస్తాం, అది అర మీటరు లోపు దూరానికి కుదిర్చిన పవర్, పాదం ఉండేది మీటరున్నర దూరంలో, కాబట్టి మెట్టు మసకగా, ఉన్నచోటు నుంచి కాస్త జరిగినట్టుగా కనిపిస్తుంది. ఇది అలవాటైనా పూర్తిగా పోదు! గడ్డం ఛాతీ వైపు దించి పైభాగంలోంచి మెట్టుని చూడాలి, నేను ఇప్పటికీ అలాగే దిగుతాను.

ఎంతకాలం పడుతుంది అంటే, చాలామందికి కొద్ది రోజుల నుంచి రెండు వారాలు, కొందరికి నెల దాకా. నా మొదటి జత కూడా ఇదే దారి పట్టింది, మొదటి వారం చిరాకు, రెండో వారంలో ఇంట్లో గుర్తే లేదు, బయట జనంలో నడిచేటప్పుడు మాత్రం కాస్త తూలు, తర్వాత అదీ పోయింది. పొద్దున్న లేవగానే పెట్టుకుని రోజంతా ఉంచుకోవాలి, గంట ఇది గంట పాతది అని మారిస్తే మెదడు ఏ లెక్కకీ కుదురుకోదు. మొదటి రోజుల్లో బండి మాత్రం నడపకండి.

చూడాల్సింది రోజుల లెక్క కన్నా అది తగ్గుతోందా లేదా అన్నది. నా రెండో జత అక్కడే దొరికిపోయింది, మూడో వారంలోనూ మొదటిరోజులాగే ఉంది, పైగా ఎదురుగా దూరంగా ఉన్న బోర్డు గడ్డం దించితేనే తేటగా కనిపించేది. షాపులో "అలవాటవుతుంది" అనే మాటే మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఇంకో ఆప్టీషియన్ దగ్గరకి వెళ్తే ఆవిడ లెన్సు మీద వెలుతురులో మాత్రమే కనిపించే సన్నటి చెక్కుడు గుర్తులు వెతికి, వాటి ఆధారంగా పెన్‌తో ఫిట్టింగ్ క్రాస్ గీసి, పెట్టుకుని నేరుగా చూడమంది. ఆ క్రాస్ కంటిపాప మధ్యలో ఉండాలి, నాకు మూడు మిల్లీమీటర్లు పైన ఉంది. అంటే నేను నేరుగా చూసినా కారిడార్ మొదట్లోంచి చూస్తున్నా, దూరానికి అక్కర్లేని పవర్, పైగా ఇరుకు దారి, ఇక నడుస్తుంటే ఊగక ఏంచేస్తుంది? ముక్కు ప్యాడ్‌లు కొంచెం వెడల్పు చేస్తే ఫ్రేమ్ కిందకి దిగి సగం నయమైంది, మిగతా సగానికి లెన్సులు మళ్ళీ చేయించాల్సి వచ్చింది.

దీనికి తిరగబడితే, అంటే చదవడానికి గడ్డం బాగా ఎత్తాల్సి వస్తే లేదా ఫ్రేమ్ చేత్తో పైకి లేపితే గానీ అక్షరం కనపడకపోతే, క్రాస్ కిందకి పడిందని అర్థం. పేజీని ఒక పక్కకి జరిపితేనే తేటగా ఉంటే కంటిపాపల దూరం కొలతలో తేడా ఉండొచ్చు, అది రెండు కళ్ళకీ విడివిడిగా కొలవాలి. ఒక కన్ను మూసుకోగానే హాయిగా అనిపిస్తే రెండు కళ్ళ పవర్లూ మళ్ళీ చూపించుకోండి. కళ్ళజోడు తీసేశాక కూడా గిర్రున తిరుగుతుంటే, లేదా పడుకుని పక్కకి తిరిగితే తిరుగుతుంటే, దాన్ని లెన్సు మీదకి తోయకుండా డాక్టర్‌కి చూపించాలి, అది చెవి వల్ల కావచ్చు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు సరిపడనిది ఒక్కటే, రోజంతా స్క్రీన్ ముందు కూర్చునే పని, ఆ జానెడు వెడల్పుతో మెడ పట్టేస్తుంది. దానికి ఆఫీస్ లెన్సులని మధ్యదూరం వెడల్పుగా ఉండేవి విడిగా చేయించుకున్నా, వాటితో బయటికి మాత్రం వెళ్ళలేం, దూరం మసకే.