తకీలే దీవిలో ఒక రాత్రి: నడుముకి కట్టుకునే పంచాంగం

పెరూ వెళ్ళినప్పుడు టిటికాకా సరస్సులో ఉన్న తకీలే దీవికి వెళ్ళాం, ఒడ్డున ఉన్న పూనో ఊరి నుంచి స్లో బోట్‌లో దాదాపు మూడు గంటలు. చాలామంది డే ట్రిప్‌లో వెళ్ళొచ్చేస్తారు, కానీ నేత చూడటానికైతే ఒక రాత్రి ఉండండి, డే ట్రిప్‌లో భోజనం పోను మిగిలేది రెండు గంటలే, పైగా అక్కడ చూడాల్సింది షాపుల్లో కాదు, మనుషుల ఒంటి మీద ఉంది.

రేవు నుంచి పైకి ఐదొందలకి పైనే మెట్లు, ఆ ఎత్తులో పది మెట్లకోసారి ఆయాసం వచ్చి ఆగాం. పైన ఊళ్ళో మగవాళ్ళు నడుస్తూనే టోపీలు అల్లుతున్నారు. ఇక్కడ సూదుల అల్లిక మగవాళ్ళది, నడుంపట్టీలు నేసేది ఆడవాళ్ళు. చెవుల మీదకి దిగే ఆ టోపీ పేరు చుయో, మొత్తం ఎర్రగా ఉంటే పెళ్ళయినవాడు, పైభాగం తెల్లగా ఉంటే కానివాడు. మేం దిగిన ఇంటి పెద్దాయన తనది తీసి చేతికిచ్చారు, ఎంత బిగువుగా ఉందంటే లాగినా సందు కనపడలేదు. పెళ్ళికొడుకు అల్లిన టోపీలో నీళ్ళు పోసి కారతాయేమో చూసేవాళ్ళట!

వాళ్ళ క్యాలెండర్ బెల్ట్ మాత్రం మన పంచాంగాన్ని నడుముకి కట్టుకున్నట్టే, ఏడాది పొడుగునా వచ్చే పొలం పనులు, పండుగలు వరసగా బొమ్మల్లో ఉంటాయి. అందులో ఆరు ముక్కలుగా కోసిన గుండ్రటి గుర్తు ఒకటి ఉంది, అది దీవిలోని ఆరు సుయోలు, అంటే ఆరు సాగు భాగాలు. ఏటా ఏ భాగంలో బంగాళాదుంప వెయ్యాలి, దేన్ని బీడు పెట్టాలి అనేది ఊరంతా కలిసి వంతులవారీగా పాటిస్తారు. అయితే ఇది అక్షరాల్లాగా చదివేది కాదు, ఆ పొలాలు తెలిసినవాళ్ళకి గుర్తుచేసేది, అందుకే ప్రతి బొమ్మకీ ఒకే అర్థం చెప్పేసే గైడ్‌ని నేను పెద్దగా నమ్మను.

గది శుభ్రంగా ఉంది, హీటర్ లేదు గానీ దుప్పట్లు బరువైనవి ఇచ్చారు, బాత్రూమ్ బయట. రాత్రి కీన్వా సూప్, ట్రౌట్ చేప, రెండూ బావున్నాయి. దీంతో పోలిస్తే పూనోలో మేం దిగిన హోటల్ దండగ, వేడినీళ్ళు అని చెప్పి రెండు రోజులూ చన్నీళ్ళే.

కొనేది మటుకు చౌక్‌లో ఉన్న సహకార సంఘం షాపులో కొనండి, ఫిక్స్‌డ్ రేట్లు, చేసినవాళ్ళ పేరుతో ట్యాగ్ ఉంటుంది. పట్టీ కొనేముందు తిరగేసి చూడండి, చేత్తో నేసినదైతే వెనక కూడా అదే బొమ్మ రంగులు తారుమారై కనిపిస్తుంది, మెషిన్‌దైతే దారాలు వదులుగా వేలాడుతుంటాయి. మేం పూనో రేవులో ముందే రెండు కొనేసి, ఇక్కడికొచ్చి తిరగేసి చూసుకున్నాం, రెండింటికీ వెనక దారాలే.